మెత్తని ఒరా, గట్టి ఒరా: లైసెన్సు పిస్టల్‌ను రోజంతా నడుముకు ధరించేవారి కోసం ఒక పోలిక

లైసెన్సు ఉన్న పిస్టల్‌ను చొక్కా కింద, ప్యాంటు నడుము లోపలి వైపు పెట్టుకుని తిరగవలసినవారు హోల్‌స్టర్, అంటే తుపాకి ఒర, కొనడానికి వెళ్లినప్పుడు సాధారణంగా చేతికి మెత్తగా తగిలేదాని వైపే మొగ్గుతారు. ఒంటికి ఆనుకుని పది, పన్నెండు గంటలు ఉండే వస్తువు కాబట్టి ఆ మొగ్గు సహజమే. అయితే ఒరకు ఒంటి మీద సుఖాన్ని ఇచ్చే ఆ మెత్తదనమే ట్రిగ్గర్‌ను కాపాడే పనిలో దానికి బలహీనత అవుతుంది. అందువల్ల నా అభిప్రాయంలో సరైన క్రమం ఇది: ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒరను ముందు ఎంచుకోవాలి, ఆ తరువాత దాన్ని ఒంటికి సుఖంగా మలచుకోవాలి. మెత్తని ఒరను ముందు కొనుక్కుని తరువాత దానికి భద్రతను జోడించుకోవడం దాదాపు సాధ్యం కాదు.

ఈ పోలికలో నేను తీసుకున్న ఆయుధం విడిగా మీట తరహా సేఫ్టీ లేని, స్ట్రైకర్ అనే లోపలి స్ప్రింగు సూదితో పేలే మధ్యస్థ పరిమాణపు పిస్టల్. నేడు చాలామంది ధరించేది ఈ రకమే. దీని ట్రిగ్గర్‌ను లాగడానికి సుమారు రెండున్నర కిలోల బలం చాలు, ట్రిగ్గర్ కదలవలసిన దూరం కూడా తక్కువే. పిస్టల్‌ను ఒరలోకి నెట్టేటప్పుడు మన అరచెయ్యి అంతకంటే ఎక్కువ బలాన్నే ప్రయోగిస్తుంది. ట్రిగ్గర్ గార్డ్ లోపలికి ఏదైనా అడ్డం వచ్చి అక్కడ నిలిచిపోయిందనుకుందాం. పిస్టల్ కిందికి దిగుతూ ఉంటుంది, అడ్డం వచ్చిన వస్తువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది, కనుక మనం తుపాకిని నెట్టే బలమంతా ట్రిగ్గర్ మీద పడుతుంది. వేలు ఎక్కడో దూరంగా ఉన్నా తూటా పేలుతుంది. అనుకోకుండా ఒరలో తుపాకి పేలే ఘటనలలో తరచుగా కనిపించే కారణాలు మూడు: తీయడం మరిచిన చూపుడువేలు, జాకెట్ అంచున వేలాడే తాడు చివరి ప్లాస్టిక్ బుడిపె, మెత్తబడి లోపలికి మడత పడిన ఒర మూతి. మొదటి రెండింటిని మనిషి తన అలవాటుతో అదుపు చేసుకోవచ్చు, మూడోది మాత్రం కొనుగోలు దగ్గరే తేలిపోవలసిన విషయం.

ఆ మడత ఎలా ఉంటుందో నేను నా ఒర మీదే చూశాను. నడుము లోపల పెట్టుకునే ఒక తోలు ఒరను రెండేళ్లకు పైగా వాడాను, దాని మీద నాకు ప్రేమ కూడా ఉండేది. చెమటకు, బెల్టు ఒత్తిడికి దాని మూతి రోజురోజుకూ చదునవుతూ వచ్చింది, కానీ రోజూ చూసే వస్తువులో మార్పు కంటికి ఆనదు. ఒకరోజు ఖాళీ పిస్టల్‌తో సాధన చేస్తూ ఒరలో పెడుతుండగా చివరి అర అంగుళంలో ఎప్పుడూ లేని చిన్న ప్రతిఘటన తగిలింది. ఆగి, ఒరను విప్పి దీపం కింద చూస్తే, మూతి అంచున బొటనవేలి గోరంత తోలు నాలుకలా లోపలికి వంగి, సరిగ్గా ట్రిగ్గర్ గార్డ్ దిగే దారిలో నిలబడి ఉంది. దాని కొన మీద ట్రిగ్గర్ నొక్కిన గీత కూడా సన్నగా పడి ఉంది. అంటే అది ఆ రోజే మొదలైన మడత కాదు. అంతకు ముందు ఎన్నిసార్లు, ఏ స్థితిలో ఆ పిస్టల్ అందులోకి దిగిందో తలుచుకుంటే నాకు నేటికీ అరచేతులు చల్లబడతాయి.

ఇంతమాత్రాన తోలంతా పనికిరానిదని నేను అనను. మూతి చుట్టూ లోపల లోహపు పట్టీ వేసి, రెండు పొరల మందపు తోలుతో, ఒకే ఒక్క పిస్టల్ మోడల్ ఆకారానికి తడిపి అచ్చు వేసిన ఒర ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేస్తుంది. ఇబ్బంది అంతా పలుచని ఒకే పొర తోలుతో, పట్టీ లేకుండా కుట్టినవాటితోనూ, 'అన్ని పిస్టళ్లకూ సరిపోతుంది' అని అమ్మే నైలాన్ సంచుల్లాంటి వాటితోనూ వస్తుంది. ఈ నైలాన్ ఒరల విషయంలో చర్చే అనవసరం. అన్నింటికీ సరిపోయేది దేని ట్రిగ్గర్‌నూ సరిగా కప్పలేదు, కాబట్టి వాటిని ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఎంపికలో నిజంగా పోటీ పడేవి మూడు. ఒకటి, పైన చెప్పిన గట్టి తోలు ఒర. రెండు, కైడెక్స్ అనే ప్లాస్టిక్ రేకును వేడి చేసి పిస్టల్ ఆకారానికి అచ్చు పోసిన ఒర. మూడు, వెనుక వెడల్పాటి తోలు లేదా మెత్తని బట్ట పలక, దాని ముందు కైడెక్స్ చిప్ప బిగించిన మిశ్రమ ఒర. హైబ్రిడ్ అనే పేరుతో అమ్మేది ఇదే. నా పరిచయస్తుడు ఒకరికి ఈ మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవడంలో ఈ మధ్య సాయం చేశాను, ఆ వివరాలే ఇక్కడ పోలికకు ఆధారంగా తీసుకుంటాను. ఆయన కుడిచేతి వాటం మనిషి. రోజుకు పది గంటల పని, అందులో దాదాపు మూడు గంటలు కారులో, మిగిలిన సమయంలో ఎక్కువ భాగం కుర్చీలో గడుస్తుంది. నిండిన మ్యాగజైన్‌తో ఆయన పిస్టల్ సుమారు ఎనిమిది వందల యాభై గ్రాములు తూగుతుంది.

పరీక్షలన్నీ ఖాళీ పిస్టల్‌తోనే చేశాం. మ్యాగజైన్ తీసి, స్లయిడ్ వెనక్కి లాగి, ఛాంబర్‌ను కంటితోనూ చిటికెన వేలితోనూ చూసుకుని, ఆయన చూసిన తరువాత నేను కూడా మళ్లీ చూసి, తూటాలన్నీ పక్క గదిలో పెట్టి తలుపు మూశాం. ఇలా రాస్తుంటే చాదస్తంగా కనిపించవచ్చు, కానీ ఒరను పరీక్షించడమంటే తుపాకిని వందసార్లు తీయడం, పెట్టడం, కదిలించడం. చాదస్తం పనికొచ్చే చోటు ఇదే.

మొదటిది ట్రిగ్గర్ గార్డ్ పరీక్ష, ఇందులో తప్పినదాన్ని మిగతా గుణాలు ఎంత బాగున్నా పక్కన పెట్టవలసిందే. పిస్టల్‌ను ఒరలో పూర్తిగా దింపి, ముందు కంటితో రెండు వైపుల నుంచీ, పై నుంచీ చూడాలి. ట్రిగ్గర్ గార్డ్ లోపలి ఖాళీ ఏ కోణం నుంచీ కనిపించకూడదు. తరువాత ఒర బయటి గోడ మీద, సరిగ్గా ట్రిగ్గర్ ఉండే చోట, బొటనవేలితో గట్టిగా నొక్కాలి. లోపల ట్రిగ్గర్ ముఖం వేలికి తగిలితే, లేదా అది కదిలినట్టు అనిపిస్తే ఆ ఒర తప్పినట్టే. కారు సీటు అంచు, కుర్చీ చెయ్యి, గుమ్మం మూల కూడా అదే చోట అలాగే నొక్కగలవు. చివరగా ఒక పెన్సిల్ మొద్దు కొనను ఒరకు ఉన్న ప్రతి సందులోంచీ ట్రిగ్గర్ వైపు పంపి చూడాలి. పిస్టల్ కింద టార్చిలైటు బిగించుకునేవారు ఈ పెన్సిల్ పరీక్షను మరింత జాగ్రత్తగా చేయాలి. లైటు పిస్టల్ కంటే వెడల్పుగా ఉంటుంది కనుక దాని కోసం ఒర మూతిని వెడల్పు చేస్తారు, ఆ కారణంగా ట్రిగ్గర్ గార్డ్‌కు రెండు పక్కలా సందు మిగులుతుంది. కొన్ని ఒరల్లో ఆ సందులో చిటికెన వేలు సులువుగా దూరుతుంది.

మా మూడింటిలో కైడెక్స్ ఈ పరీక్షను ఏ సందేహమూ లేకుండా దాటింది. తోలు ఒర కొత్తది, పట్టీ ఉన్నది కాబట్టి మూతి నిలబడింది, కానీ బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు లోపల గార్డ్ అంచు ఆకారం వేలికి తెలిసింది. ట్రిగ్గర్ మాత్రం కదలలేదు. నేడు దాటినా, ఏడాది తరువాత ఇదే పరీక్ష మళ్లీ చేయాలన్న షరతు మీద దాటినట్టు లెక్క వేశాం. హైబ్రిడ్ ఒర బయటి వైపు కైడెక్స్‌తో సమానంగా నిలిచింది, ఒంటి వైపు గోడ మాత్రం వట్టి తోలు పలకే. కొత్త పలక బిగువుగానే ఉంది. అయితే ఆయన దగ్గర అప్పటికే ఒక ఏడాది వాడిన అదే మోడల్ హైబ్రిడ్ మరొకటి ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటతెల్లమైంది. పాతదాని పలక చెమటకు నాని, పిస్టల్ ఆకారానికి గుంత పడి, చిప్పకూ పలకకూ మధ్య పై అంచున పెన్సిల్ దూరేంత ఖాళీ ఏర్పడింది. పిస్టల్ లేనప్పుడు ఆ పలక పై భాగం ముందుకు వాలి, ఒర మూతిని సగం మూసేస్తోంది.

రెండవ అంశం పట్టు, అంటే మనం తీసేవరకూ పిస్టల్ ఒరను వదలకుండా ఉండే గుణం. యూనిఫాం ఉద్యోగులు నడుము బయట ధరించే ఒరల్లో బొటనవేలితో తెరిచే పట్టీలు, తిప్పే మూతలు, లోపలి తాళాలు ఉంటాయి, వాటిని స్థాయిల లెక్కన అమ్ముతారు. ఈ స్థాయిల పద్ధతి అమెరికాలో 1970ల దశకంలో బిల్ రోజర్స్ ప్రవేశపెట్టిన ఒక పరీక్ష నుంచి వచ్చింది. వేరొకరు పిస్టల్‌ను ఐదు సెకన్ల పాటు లాగినా అది ఒరలోనే నిలవాలి అన్నది దాని సారం. ఇప్పుడు చాలామంది తయారీదారులు తాళాల సంఖ్యను లెక్కపెట్టి స్థాయి రాసేస్తున్నారు కాబట్టి ఒకరి రెండో స్థాయి, మరొకరి రెండో స్థాయి ఒకటే అనుకోవడం పొరపాటు. చొక్కా కింద, ఎవరికీ కనిపించకుండా ధరించే ఒరకు ఈ తాళాలు సాధారణంగా అవసరం లేదు, రాపిడి పట్టు చాలు. ఇక్కడ ఒక్క మాట మాత్రం చెప్పాలి. తీయడానికి చూపుడువేలితో మీటను లోపలికి నొక్కవలసిన తాళాలను నేను సిఫారసు చేయను. హడావుడిలో నొక్కుతున్న వేలు పిస్టల్ బయటికి వచ్చే క్షణంలో వంగి ఉంటుంది, వంగిన వేలు వెళ్లి చేరే చోటు ట్రిగ్గరే.

రాపిడి పట్టు చాలినంత ఉందో లేదో తెలుసుకోవడానికి, ఖాళీ పిస్టల్‌ను ఒరలో పెట్టి, మంచం మీద పరుపుకు ఒక అడుగు ఎత్తున తలకిందులుగా పట్టుకుని గట్టిగా నాలుగైదుసార్లు ఊపాలి. పడకూడదు. పడకపోతే, మ్యాగజైన్‌లో ఉండే తూటాల బరువు ఈ పరీక్షలో లేదు కనుక, పట్టును ఇంకొంచెం బిగించుకోవాలి. కైడెక్స్ ఒరకు ట్రిగ్గర్ గార్డ్ దగ్గర ఒకటో రెండో స్క్రూలు, వాటి కింద రబ్బరు వాషర్లు ఉంటాయి. పావు మలుపు చొప్పున బిగిస్తూ, ఊపి చూస్తూ పోతే సరైన చోటు దొరుకుతుంది. పిస్టల్ పూర్తిగా దిగినప్పుడు 'టక్' అని వినిపించే చప్పుడు కైడెక్స్‌కు ఉన్న పెద్ద సుగుణం, ఎందుకంటే చూడకుండానే అది సరిగా కూర్చుందని చెవికి తెలుస్తుంది. అతిగా బిగించడం కూడా దోషమే. తీయడానికి తంటాలు పడాల్సివస్తే ఒకసారి పిస్టల్‌తో పాటు ఒర కూడా ఊడి చేతికి వస్తుంది. అలా వచ్చినప్పుడు తప్పు ఎక్కువగా క్లిప్పుదే అయి ఉంటుంది. బెల్టు కింది అంచును కొక్కెంలా పట్టుకోని క్లిప్పు ఎంత గట్టిదైనా జారిపోతుంది.

ఈ పరీక్షలో మూడూ మొదటి రోజు దాటాయి. తేడా కాలంతో వస్తుంది. తోలు పట్టు వాడకంతో నెమ్మదిగా వదులవుతుంది, దాన్ని మళ్లీ బిగించే స్క్రూ ఆయన కొన్న రకానికి లేదు. పాత హైబ్రిడ్ రెండో ఊపుకే పిస్టల్‌ను పరుపు మీదికి జారవిడిచింది. కైడెక్స్ పట్టు స్క్రూ మీద ఆధారపడుతుంది, స్క్రూ నడకకు వదులవుతుంది. అందుకే స్క్రూ మరలకు ఊడదీయడానికి వీలుండే రకం నీలి థ్రెడ్‌లాకర్ జిగురు ఒక చుక్క వేసి, స్క్రూ తలకూ ఒరకూ కలిపి పెయింటుతో ఒక సన్నని గీత గీయించాను. గీత విరిగినట్టు కనిపిస్తే స్క్రూ తిరిగిందని అర్థం. కైడెక్స్‌కు వేడి ఒక్కటే పెద్ద శత్రువు. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే దాని ఆకారం మారిపోయే ప్రమాదం ఉంది.

ఇక సుఖం. దీన్ని చివర పెట్టినంత మాత్రాన తక్కువ విషయం కాదు, పైగా నాకు ఎక్కువ అనుభవం ఉన్నది ఇందులోనే. ఒర నొప్పి పెడితే మనిషి దాన్ని రోజులో నాలుగుసార్లు సర్దుతాడు, కారెక్కగానే పిస్టల్ తీసి సీటు పక్కన పెడతాడు, దిగేటప్పుడు ఇరుకులో వంకరగా మళ్లీ ఒరలో దూర్చుతాడు. ఇలా తీసి పెట్టే ప్రతిసారీ ట్రిగ్గర్ బయటపడుతుంది. ఉదయం పెట్టి రాత్రి తీసేవరకూ తాకకుండా ఉండగలిగిన ఒరే అన్నింటికంటే భద్రమైనది, కాబట్టి సుఖాన్ని కూడా భద్రత ఖాతాలోనే రాయాలి.

ఆయన మొదటి వారం ఖాళీ పిస్టల్‌తో, ఇంట్లోనే, మూడింటినీ మార్చి మార్చి పది గంటల చొప్పున ధరించారు. తోలు ఒరతో సాయంత్రం వరకూ ఏ ఫిర్యాదూ లేదు. హైబ్రిడ్ మరీ మెత్తగా ఉందన్నారు. కైడెక్స్‌తో మాత్రం నాలుగో గంటకే తుంటి ఎముక మీద ఎర్రని గీత పడి, కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. ఇక్కడితో ఆగి ఉంటే ఎంపిక హైబ్రిడ్ వైపు పోయేది. కానీ ఆ నొప్పికి కారణాలను ఒక్కొక్కటిగా విడదీస్తే, వాటిలో ప్లాస్టిక్ గట్టిదనం చిన్న భాగమే అని తేలింది.

మొదటి కారణం బెల్టు. ఆయనది మామూలు మెత్తని తోలు బెల్టు. అది బరువుకు బయటికి వాలుతుంటే, నిలబెట్టడానికి ఆయన ఒక రంధ్రం ఎక్కువ బిగిస్తున్నారు, ఆ బిగువే ఒర అంచును ఎముకలోకి నొక్కుతోంది. సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పుతో, లోపల గట్టి పట్టీ ఉన్న, నిలువునా మడత పడని బెల్టుకు మారగానే ఒక రంధ్రం వదులుగా పెట్టినా ఒర కదలలేదు. సగం నొప్పి అక్కడే పోయింది. రెండో కారణం చోటు. ఒర సరిగ్గా తుంటి ఎముక మీద కూర్చుంది. దాన్ని రెండు వేళ్ల మందం వెనక్కి, ఎముక దాటాక వచ్చే పల్లంలోకి జరిపి, పది డిగ్రీల మేర పిడి ముందుకు వంగేలా క్లిప్పును మార్చాం. మూడోది, గొట్టం కొన వైపు ఒర లోపలి గోడకు ఒక చిన్న నురుగు దిండును అతికించాం. ఆ దిండు గొట్టం కొనను ఒంటికి దూరంగా నెడుతుంది, దాంతో పై భాగం, అంటే పిడి, ఒంటి వైపు వాలుతుంది. చొక్కా మీద పిడి ఉబ్బు తగ్గడమే కాక, పదునైన కొన స్థానంలో మెత్తని దిండు ఒంటికి ఆనుతుంది. అంచులను సన్నరకం గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దడం చివరి పని. పొట్ట ముందు వైపు ధరించేవారికి దిండుతో పాటు, బెల్టు లోపలికి ఆనుకుని పిడిని తిప్పే చిన్న రెక్క కూడా ఉపయోగపడుతుంది.

పొట్టి ఒర సుఖంగా ఉంటుందన్న నమ్మకం చాలామందిలో ఉంది, నా అనుభవం దానికి విరుద్ధం. బెల్టు కింద ఉండే పొడవు తక్కువైతే పైన ఉన్న పిడి, నిండు మ్యాగజైన్ బరువు ఒరను బయటికి ఒరగదోస్తాయి. మనిషి మళ్లీ బెల్టు బిగిస్తాడు. పిస్టల్ గొట్టం కంటే ఒర ఒక అంగుళం పొడవుగా ఉన్నా ఆ పొడవే నిలకడనిస్తుంది. ఎత్తును సర్దేటప్పుడు కూడా ఒక హద్దు ఉంది. పిడిని మొదటి పట్టులోనే మూడు వేళ్లతో పూర్తిగా పట్టుకోగలగాలి. దాచడం కోసం ఒరను ఇంకా కిందికి దింపితే చెయ్యి సగం పట్టుతో బయటికి తీసి, గాలిలో సర్దుకోవలసి వస్తుంది.

ఈ మార్పుల తరువాత ఆయన కైడెక్స్ ఒరను మళ్లీ పది గంటలు ధరించారు. తోలంత హాయిగా లేదని ఇప్పటికీ అంటారు, ఆ మాట నిజమే. అయితే రోజంతా దాన్ని ఒక్కసారి కూడా సర్దలేదు. మాకు కావలసిన కొలత అదే. రోజులో ఎక్కువ భాగం నిలబడి ఉండేవారు, ఎప్పటికప్పుడు మూతిని పరీక్షించే ఓపిక ఉన్నవారు పట్టీ ఉన్న తోలు ఒరను ఎంచుకుంటే నేను తప్పు పట్టను. హైబ్రిడ్‌ను మాత్రం రోజూ పది గంటలు చెమటలో ఉండే వాడకానికి నేను సూచించలేను. ఒంటి వైపు గోడ కూడా కైడెక్స్‌తోనే ఉండి, పలక దాని వెనుక మెత్తదనానికే పరిమితమైన రకాలు దొరుకుతాయి. మిశ్రమ ఒరే కావాలనుకునేవారు వాటినే చూడాలి.

ఎక్కువ గంటలు ధరించేవారికి ఎవరూ ముందుగా చెప్పని చోటు మరుగుదొడ్డి. ప్యాంటు దించగానే బెల్టు బిగువు పోయి ఒర తలకిందులవుతుంది, మనిషి కంగారుగా పిస్టల్ తీసి కుళాయి పక్కన పెడతాడు, మరిచిపోతాడు. ఒరలోంచి పిస్టల్‌ను తీయనే కూడదు. మోకాళ్ల దగ్గర బెల్టును మళ్లీ పెట్టుకుని, పిస్టల్ ఒరలో, ఒర బెల్టుకు ఉండగానే పని ముగించుకోవాలి. రాత్రి తీసేటప్పుడు కూడా పిస్టల్‌తో సహా ఒరను నడుము నుంచి విడదీసే వీలుండాలి, అప్పుడు ట్రిగ్గర్ కప్పులోనే ఉంటుంది. క్లిప్పును ఎంచుకునేటప్పుడు ఇది కూడా చేసి చూడాలి. ఉదయం పెట్టుకునేటప్పుడు సైతం పిస్టల్‌ను ముందే ఒరలో ఉంచి, రెండింటినీ కలిపి నడుముకు తగిలించుకుంటే, ఒంటి వైపు గురిపెట్టి ఒరలోకి దించే పనే ఉండదు. బయటికి సుత్తి ఉన్న పిస్టళ్లవారు ఒరలో పెట్టేటప్పుడు బొటనవేలిని సుత్తి మీద ఆనించి ఉంచాలి. ట్రిగ్గర్‌కు ఏదైనా తగిలితే సుత్తి కదలడం ముందుగా ఆ వేలికే తెలుస్తుంది.

నా పాత తోలు ఒరను చెత్తబుట్టలో వేసే ముందు కత్తెరతో మూతి నుంచి అడుగు దాకా చీల్చాను. దాని బయటి వైపు ఇంకా నిగనిగలాడుతూనే ఉంది, ఎవరైనా చూస్తే బాగుందనుకుని వాడుకుని ఉండేవారు.